చిక్కటి స్లైడు, పలచటి స్లైడు: 40 నిమిషాల ప్రసంగంలో ఒకటి విడిచి ఒకటి పెట్టాలా?

కొత్తమైకు
40 నిమిషాల స్లాటు, అందులో చివరి 5 ప్రశ్నలకి. విషయం: వేడికి లిథియం అయాన్ బ్యాటరీ ఎంత త్వరగా అరిగిపోతుంది. 34 స్లైడ్లు ఉన్నాయి, వాటిలో 11 బాగా చిక్కనివి, గ్రాఫులూ పట్టికలూ. మధ్యలో జనం జారిపోకుండా ఒక చిక్కటిది, ఒక పలచటిది చొప్పున పేర్చమంటున్నారు. నిజంగా పనిచేస్తుందా?

నిమిషాలముల్లు
పనిచేస్తుంది. నిమిషానికి ఒక స్లైడు లెక్కన 35 నిమిషాలకి 34 సరిగ్గా సరిపోయాయి. ప్రతి 10 నిమిషాలకీ శ్రద్ధ పడిపోతుంది కాబట్టి 10, 20, 30 నిమిషాల దగ్గర అన్నిటికన్నా పలచటివి పెట్టండి. మిగతాచోట్ల ఒకటి విడిచి ఒకటి. వరస తప్పించకండి.

చివరివరుస
పలచటి స్లైడంటే ఎన్ని మాటలుండాలి?

నిమిషాలముల్లు
ఆరు దాటకూడదు.

తెరవెనక
వరస కన్నా ముందు చూడాల్సింది 11 అనే అంకె. చిక్కటి గ్రాఫుని కొత్తవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే 3 నిమిషాలు పడుతుంది. 11 గ్రాఫులకి 33 నిమిషాలు. ఇక పలచటివాటికి చోటెక్కడ? అందుకే చాలామంది చిక్కటిదాన్ని నిమిషంన్నరలో తోసేస్తారు, పలచటిదాన్ని పది సెకన్లలో దాటిస్తారు. కాగితం మీద ఒకటి విడిచి ఒకటి ఉంటుంది, హాల్లో కూర్చున్నవాళ్లకి మాత్రం అంతా చిక్కగానే ఉంటుంది.

నేనైతే 5 చిక్కటివే ఉంచుతాను. వాటికి 15 నిమిషాలు. ఒక్కోదాని వెనకాల 2 నిమిషాలకి కాస్త తక్కువగా పలచటిది, మొత్తం 9. మొదలుకి 3, ముగింపుకి 3. ఇక్కడికి 30 అయింది. మిగిలిన 5 నిమిషాలని దేనికీ రాసివ్వకండి. మైకు సర్దుకోవడానికి, ఆలస్యంగా వచ్చినవాళ్లు కూర్చోవడానికి, ఎవరో మధ్యలో అడిగే ప్రశ్నకి అవే పోతాయి. తీసేసిన 6 గ్రాఫులనీ పారేయొద్దు, ఆఖరి స్లైడు వెనకాల పెట్టుకోండి. వాటి నంబర్లు ఒక చీటీ మీద రాసుకుంటే, ప్రశ్న రాగానే పవర్‌పాయింట్‌లో ఆ నంబరు కొట్టి `Enter` నొక్కితే నేరుగా అక్కడికి వెళుతుంది.

ఇక పలచటిదాని పని. అది విశ్రాంతి కోసం అనుకుని సూర్యోదయం ఫొటోలూ నవ్వు బొమ్మలూ పెడతారు. అక్కడే దారం తెగుతుంది. ఇప్పుడే చూసిన గ్రాఫులోంచి ఒక్క ముక్క తీసి పెద్దగా పెట్టాలి. విన్నవాళ్లు "ఓహో, ఇందాకటి దానర్థం ఇదన్నమాట" అనుకునేందుకు సమయం దొరకాలి. కొత్త విషయం రాకూడదు, పాత విషయం పోకూడదు.

గణాంకం
ఈ ఒకటి విడిచి ఒకటి పద్ధతికి ఆధారమే లేదు. 10 నిమిషాల తర్వాత శ్రద్ధ పడిపోతుందన్న మాటకి గట్టి రుజువు లేదని 2007లో విల్సన్, కార్న్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పాత పరిశోధనలన్నీ తిరగేసి రాశారు. లేని జబ్బుకి మందేమిటి? 11 గ్రాఫులూ అవసరమైతే 11 పెట్టండి. వినడానికి వచ్చినవాళ్లు చిన్నపిల్లలు కారు.

నిమిషాలముల్లు
శ్రద్ధ పడిపోదా? ఏ హాల్లోనైనా 15వ నిమిషంలో వెనక్కి తిరిగి చూడండి, ఎన్ని ఫోన్లు వెలుగుతుంటాయో.

గణాంకం
అది 15 నిమిషాల వల్ల అని మీకెలా తెలుసు? 14వ నిమిషంలో చెప్పింది అర్థం కాలేదేమో.

తెరవెనక
గణాంకం గారు చెప్పిన ఆ ముక్క నిజం. గడియారం చూసి శ్రద్ధ పడిపోదు. 2010లో రసాయన శాస్త్రం తరగతుల్లో విద్యార్థుల చేతికి క్లిక్కర్లు ఇచ్చి, మనసు పక్కకి పోయినప్పుడల్లా నొక్కమన్నారు. పక్కకి పోవడం మొదటి నిమిషాల నుంచే ఉంది. కొద్దికొద్దిసేపు, మళ్లీమళ్లీ పోతుంది, తిరిగి వస్తుంది. ప్రయోగం చేసి చూపించినప్పుడు, ప్రశ్న అడిగినప్పుడు తక్కువగా పోయింది. ఆ వెంటనే వచ్చిన ఉపన్యాసంలో కూడా తక్కువే. అంటే వినేవాళ్లు చేసే పని మారితే లాభం ఉంది.

కాబట్టి 10, 20, 30 లెక్క వదిలేయొచ్చు. మార్చి మార్చి పెట్టడాన్ని మాత్రం వదలక్కర్లేదు. మనసు ఎప్పుడో ఒకప్పుడు పోయే తీరుతుంది కాబట్టి, తిరిగి వచ్చినప్పుడు ఎక్కడ ఎక్కాలో తెలియాలి. పలచటి స్లైడు అందుకు. గ్రాఫు మధ్యలో 40 సెకన్లు తప్పిపోయినవాడు దాన్ని చూసి మళ్లీ దారిలో పడతాడు. చిక్కటి మీద చిక్కటిది వస్తే అతనికి ఆ అవకాశమే లేదు.

పాఠాలపంతులమ్మ
నాది ఆన్‌లైన్ క్లాసు. పలచటి స్లైడు పెడితే పిల్లలు "ఇందులో ఏం లేదు" అనుకుని వేరే ట్యాబుకి వెళ్లిపోతారు. చిక్కటివే పెడితేనే చూస్తున్నారు. మరి నాకు ఇదంతా తిరగబడుతోంది కదా?

తెరవెనక
అమ్మా, హాల్లో పలచటి స్లైడు వచ్చినప్పుడు చూపు తెర మీంచి మాట్లాడే మనిషి మీదికి వెళుతుంది. ఆన్‌లైన్‌లో ఆ మనిషి అగ్గిపెట్టెంత గడిలో ఉంటాడు కాబట్టి చూపుకి దిక్కుండదు. అక్కడ పలచటి స్లైడు వచ్చినప్పుడు స్క్రీన్ షేర్ ఆపేసి మీ ముఖం పెద్దగా కనపడేలా చేయండి, లేదా ఆ స్లైడు మీద ఒక ప్రశ్న పెట్టి చాట్‌లో ఒక్క అంకె రాయమనండి. నిడివి కూడా నిమిషానికి మించనివ్వకండి. ఇక్కడ అడిగింది హాలు గురించి కాబట్టి ఇంతకన్నా పక్కకి వెళ్లను.

కొత్తమైకు
నా ముఖ్యమైన గ్రాఫు ఇది. కింద ఛార్జింగ్ సైకిళ్లు, అంటే బ్యాటరీ ఎన్నిసార్లు నిండి ఖాళీ అయిందో, పక్కన మిగిలిన సామర్థ్యం శాతంలో. 15, 25, 35, 45 డిగ్రీలకి నాలుగు గీతలు. 80 శాతం దగ్గర అడ్డంగా చుక్కల గీత, అక్కడికొస్తే బ్యాటరీ పనైపోయినట్టు లెక్క. మా కొలతల్లో 25 డిగ్రీల గీత 1000 సైకిళ్ల దగ్గర, 45 డిగ్రీలది 600 దగ్గర దాన్ని తాకుతాయి. దీనికి 3 నిమిషాలు ఎలా పడుతుంది? నేను ఇంట్లో చెప్పుకుంటే 50 సెకన్లలో అయిపోయింది.

తెరవెనక
ఆ గ్రాఫు మీకు తెలుసు కాబట్టి 50 సెకన్లు. తెలియనివాళ్లకి దీన్ని నాలుగు నొక్కుల్లో విప్పాలి.

మొదట ఖాళీ గడి. కింద ఏముంది, పక్కన ఏముంది, చుక్కల గీత ఎందుకు, ఇంతే. గీతలేవీ లేకుండా 40 సెకన్లు ఇక్కడే నిలబడండి. చాలామంది దాటేసేది ఇదే, తర్వాత అర్థం కాకపోవడానికి కారణమూ ఇదే. రెండో నొక్కుకి 25 డిగ్రీల గీత ఒక్కటే. "మామూలు గది వేడిలో ఇలా దిగుతుంది" అని చెప్పి, 1000 దగ్గర చుక్కల గీతని తాకే చోట వేలు పెట్టండి. మూడో నొక్కుకి ముందు ఆగి "45కి పెంచితే ఎక్కడ తాకుతుందంటారు?" అని అడిగి, అయిదు సెకన్లు నోరు కట్టేసుకోండి. ఎవరూ పైకి జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు, మనసులో ఒక అంకె అనుకుంటారు. అప్పుడు గీత పడాలి. నాలుగో నొక్కుకి 15, 35 బూడిద రంగులో. వాటి గురించి ఒక్క వాక్యం చాలు.

ఇదంతా ఒకే స్లైడు మీద యానిమేషన్‌గా చేయకండి, స్లైడుని నాలుగు కాపీలుగా చేసి ఒక్కోదాంట్లో ఒక్కో దశ చేర్చండి. పీడీఎఫ్‌గా మార్చినప్పుడు యానిమేషన్ దశలన్నీ ఒకే పేజీ మీద ఒకదాని మీద ఒకటి పడతాయి. కాపీలైతే నాలుగూ విడివిడిగా వస్తాయి, గది కంప్యూటరు మారినా తేడా రాదు.

తర్వాత పలచటిది. అదే గడి, అదే నేపథ్యం, 600 అనే అంకె తప్ప ఇంకేమీ లేదు.

నిమిషాలముల్లు
అయిదు గ్రాఫుల్నీ నాలుగేసి కాపీలు చేస్తే 34 స్లైడ్లు 49 అవుతాయి. నిమిషానికి ఒకటన్న లెక్క ఏమైనట్టు?

తెరవెనక
ఆ లెక్కే వద్దంటున్నాను. వినేవాళ్లు స్లైడ్లు లెక్కపెట్టరు. ఖాళీ గడి 40 సెకన్లు, బూడిద గీతలు 15 సెకన్లు. ఒక్కో విషయానికి ఎంత సమయమో రాసుకోండి.

నిమిషాలముల్లు
రిహార్సల్లో సమయం చూసుకోవడానికి స్లైడ్ల లెక్క తప్ప ఇంకో దారి లేదు. 12వ స్లైడు దగ్గర 12 నిమిషాలు అవ్వాలి, కాకపోతే వెనకబడ్డట్టు. ఇంత సులువైన కొలబద్ద పారేయమంటారేమిటి?

తెరవెనక
కొలబద్ద కావాలంటే మూడు చోట్ల చాలు. రెండో చిక్కటిది మొదలయ్యేసరికి 8వ నిమిషం, మూడోది అయ్యేసరికి సుమారు 16, అయిదోది దాని పలచటిదానితో సహా 27 నుంచి 30 లోపు. చీటీ మీద ఆ మూడు సమయాలే రాసుకోండి. వెనకబడితే చిక్కటిదాన్ని తొందరగా చెప్పకండి, మొత్తంగా ఒక చిక్కటిదాన్నీ దాని పలచటిదాన్నీ ఎత్తేయండి. ఏది ఎత్తేయాలో ముందే నిర్ణయించుకుని ఉండాలి, వేదిక మీద ఆలోచించడం కుదరదు.

గణాంకం
"600 అనే అంకె తప్ప ఇంకేమీ లేదు." ఇదే నాకు మింగుడుపడనిది. ఎన్ని సెల్స్ మీద కొలిచారు? ఎంత వేగంతో ఛార్జ్ చేశారు? చెదరు ఎంత, అంటే సెల్‌కీ సెల్‌కీ కొలతలో తేడా ఎంత? ఇవన్నీ తీసేసి ఒక అంకెని తాటికాయంత అక్షరాలతో పెడితే అది నమ్మమని చెప్పడమే, చూపించడం కాదు.

తెరవెనక
అవన్నీ దాని ముందు స్లైడులో పెట్టొచ్చు.

గణాంకం
ముందు స్లైడులోనూ మీరు నాలుగు ముక్కలుగా కోసి పెట్టారు. చూసేవాడు తనంతట తాను గీతలు పోల్చుకునే వీలేదీ? మీరు వేలు పెట్టినచోటే చూడాలి, మీరు ఆగినంతసేపే చూడాలి.

తెరవెనక
నాలుగో నొక్కుకి అన్ని గీతలూ తెర మీదే ఉంటాయి. మీరు చదవకుండానే వాదిస్తున్నారు.

గణాంకం
చదివాను. బూడిద రంగు గీతలు, 15 సెకన్లు. దాన్ని చూపించడం అంటారా? ఒక సమావేశంలో నిర్వాహకులు "స్లైడుకి ఒక్క వాక్యమే" అని పట్టుబట్టి నా పట్టికలు తీసేయించారు. చివర్లో ముందు వరసలోని ఆయన లేచి "మీరు చెదరు చూడలేదా?" అన్నాడు. చూశాను, పట్టికలో ఉంది, ఆ పట్టికే లేదు. హాలు మొత్తం ముందు లెక్క తెలియనివాణ్ణి అయిపోయాను. పలచటి స్లైడు అన్న మాట విన్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

చివరివరుస
అయ్యో. ఆ పట్టిక వెనకాల స్లైడ్లలో పెట్టుకోనివ్వలేదా?

గణాంకం
లేదు. ఫైలు ముందే తీసుకున్నారు.

తెరవెనక
అది నిజంగా అన్యాయం. నా మాట కటువుగా వచ్చింది, ఏమీ అనుకోకండి. కానీ మీకు జరిగింది చిక్కటివాటిని తీసేయడం. నేను అడిగేది, ఉంచిన చిక్కటిదానికి దాని సమయం దానికి ఇవ్వడం. చెదరు ముఖ్యమైతే కొలతల్లో వచ్చినదాన్ని 600 పక్కన "550 నుంచి 650" లాగా రాయండి, పలచటిదనం ఏమీ పోదు.

గణాంకం
ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. నా అభ్యంతరం అంకెల గురించి కాదు. ఆధారాన్ని ఎంతసేపు చూడాలో ఎవరు నిర్ణయించాలి? నా ఉద్దేశంలో చూసేవాడు. పుస్తకంలో పట్టిక ఉంటే నేను పది నిమిషాలు చూస్తాను, వెనక్కి తిప్పుతాను. మీరు ఆ హక్కు మాట్లాడేవాడి చేతికి ఇస్తున్నారు. తెరనిండా పట్టిక పెడితే కనీసం కళ్లు ఎటు కావాలంటే అటు తిరుగుతాయి.

తెరవెనక
తిరుగుతాయి, చెవులు మూసుకుపోతాయి. తెర మీద వాక్యాలు చదువుతున్నవాడికి మీ మాట వినపడదు, రెండూ భాషే కదా, ఒకే దారిలో ఢీకొంటాయి. బొమ్మ చూస్తూ మాట వినొచ్చు, వాక్యం చదువుతూ వేరే వాక్యం వినలేం. అందుకే చిక్కదనం గీతల్లో ఉండొచ్చు, వాక్యాల్లో ఉండకూడదు. పట్టిక చదవాల్సిందే అయితే మీరు మౌనంగా ఉండండి, 20 సెకన్లు నోరు విప్పకండి. అలా చేసే ధైర్యం నాకు తెలిసినవాళ్లలో తక్కువమందికే ఉంది.

కానీ మీ ప్రశ్నలో బలం ఉందని ఒప్పుకుంటాను. ప్రసంగంలో వేగం మాట్లాడేవాడిదే. దానికి నా దగ్గరున్న విరుగుడు కాగితం ఒక్కటే. గ్రాఫు, పట్టిక, కొలిచిన పద్ధతి అన్నీ ఒక కాగితానికి రెండు వైపులా అచ్చువేసి అందరి చేతికీ ఇవ్వడం.

పాఠాలపంతులమ్మ
కాగితం ముందే ఇస్తే అదే చదువుతూ కూర్చుంటారు, మాట వినరు. తర్వాత ఇస్తే అప్పటికి చూడాలన్న ఆసక్తి ఉండదు.

గణాంకం
ముందే ఇవ్వాలి. చదువుతూ కూర్చుంటే కూర్చోనివ్వండి.

తెరవెనక
నేనైతే మొదటి చిక్కటిదాని పలచటి స్లైడు అప్పుడు పంచుతాను. అప్పటికి గ్రాఫు ఎలా చదవాలో తెలిసి ఉంటుంది. పంచడానికి నిమిషంన్నర పడుతుంది, ఆ సమయం ఎలాగూ పలచటిదానిదే. వంద మంది దాటితే ఇది కుదరదు.

కొత్తమైకు
ఇంకో చిక్కు. రెండు చిక్కటి గ్రాఫుల్ని పోల్చాలి. ఒకటి వాడుతూ ఉంటే అరిగేది, రెండోది వాడకుండా వేడిలో పెట్టినా అరిగేది. వాటి మధ్య కూడా పలచటిది పెట్టాలా?

నిమిషాలముల్లు
వరస వరసే. పెట్టాలి.

గణాంకం
పెట్టకూడదు. మధ్యలో ఏదైనా వస్తే మొదటి గ్రాఫు గుర్తుండదు.

తెరవెనక
ఇక్కడ గణాంకం గారే సరి. పోల్చాల్సినవాటిని విడదీస్తే మొదటిదాన్ని తలలో మోసుకుని రావాల్సి వస్తుంది, గీతల ఒంపులు అలా తలలో నిలవవు. మొదటి గ్రాఫుని సగం సైజుకి తగ్గించి ఎడమవైపు ఉంచండి, రెండోది కుడివైపు తెరవండి. పక్కన ఉన్న సామర్థ్యం స్కేలు రెండింటికీ ఒకటే ఉండాలి. ఒకటి 100 నుంచి 0 వరకూ, ఇంకోటి 100 నుంచి 70 వరకూ ఉంటే ఏటవాలు చూసి మోసపోతారు. పలచటిది ఆ జంట అయ్యాక ఒక్కటే చాలు, కాకపోతే కాస్త ఎక్కువసేపు, రెండున్నర నిమిషాలు. మీకిది నాలుగోది, అయిదోది అయితే వాటిని ముందుకి, రెండు మూడు స్థానాలకి జరపండి. అన్నిటికన్నా బరువైన పోలికని 30వ నిమిషం దాకా దాచుకోకూడదు. అప్పటికి మొదట్లో ఏదో ఒకటి తప్పిపోయినవాళ్లు ఎక్కువైపోతారు.

ఊరికేచదివేవాడు
పలచటి స్లైడు నలుపు మీద తెలుపు అక్షరాలైతే బాగుంటుంది కదా, తేడా తెలుస్తుంది.

తెరవెనక
దీపాలు తగ్గించిన హాల్లో తెల్లటి గ్రాఫు నుంచి నల్లటి తెరకి, మళ్లీ తెల్లటిదానికి మారుతుంటే కళ్లు చిట్లించుకోవాల్సి వస్తుంది. నేపథ్యం మార్చకండి. తెర అసలే వద్దనుకుంటే `B` నొక్కితే నల్లగా అవుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. 40 నిమిషాల్లో అది ఒకటి రెండుసార్లు చాలు.

కొత్తమైకు
నిన్న రాత్రి 600 స్లైడు దగ్గర సమయం చూసుకున్నాను. నిమిషంన్నర అనుకుంటే 12 సెకన్లలో అయిపోయింది. ఏం మాట్లాడాలో తెలియలేదు.

తెరవెనక
మామూలే. చిక్కటి స్లైడు మీకు కూడా గుర్తుచేసే చీటీలా పనికొస్తుంది, చూసి చెప్పేస్తారు. పలచటిదాని మీద ఏమీ లేదు కాబట్టి మాట ఆగిపోతుంది, వేలు తర్వాతి స్లైడు నొక్కేస్తుంది. చిక్కటివాటికి నోట్స్ అక్కర్లేదు, పలచటివాటికే ప్రెజెంటర్ నోట్స్‌లో మూడు వాక్యాలు పూర్తిగా రాసుకోండి. 600 కింద ఇలా: ఒకటి, రోజుకో సైకిల్ అనుకుంటే 1000 అంటే దాదాపు రెండేళ్ల తొమ్మిది నెలలు, 600 అంటే ఏడాది ఎనిమిది నెలలు. రెండు, ఎందుకలా: వేడిలో లోపల అక్కర్లేని రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి, ఆనోడ్ అనే ఎలక్ట్రోడు మీద పొర మందమవుతూ పనికొచ్చే లిథియంని తినేస్తుంది. మూడు, దీన్నుంచి తర్వాతి ప్రశ్న: మరి వాడకుండా పక్కన పెడితే? అక్కడితో పోలిక జంట దానంతటదే వస్తుంది.

గణాంకం
ఆ రెండో వాక్యం కొత్త విషయం. పలచటిదాంట్లో కొత్తది రాకూడదని మీరే అన్నారు.

తెరవెనక
అవును, అన్నాను. తెర మీద రాకూడదు అని ఉండాల్సింది. నోటితో చెప్పే కారణం ఇందాకటి గీతనే వివరిస్తోంది కాబట్టి ఉంచాను. మీకు బరువనిపిస్తే దాన్ని చిక్కటిదాని మూడో నొక్కులోకి మార్చుకోవచ్చు, కానీ అక్కడ గీత చూస్తూ కారణం కూడా వినాలి.

గణాంకం
నేనైతే మారుస్తాను.

నిమిషాలముల్లు
నేను వరస దగ్గరే ఉన్నాను. ఇన్ని మినహాయింపులు గుర్తుపెట్టుకోవడం కన్నా మొదటిసారి మాట్లాడేవాళ్లకి ఒకటి విడిచి ఒకటి పెట్టడమే సులువు.

కొత్తమైకు
5 చిక్కటివి ఖాయం చేశాను. పోలిక జంటని రెండు, మూడు స్థానాల్లోకి తెచ్చాను. 600 పక్కన "550 నుంచి 650" రాశాను, ఎన్ని సెల్స్ మీద కొలిచామో కింద చిన్నగా వేశాను. హాల్లో 80 మంది అన్నారు, కాగితాలు 90 అచ్చు వేయిస్తున్నాను. ముందే ఇవ్వాలా, మొదటి పలచటిదాని దగ్గర ఇవ్వాలా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు. ముందు వరసలో చెదరు అడిగే మనిషి ఉంటే ఏది మేలు?

గణాంకం
ముందే.

తెరవెనక
మొదటి పలచటిదాని దగ్గర.